భాగస్వామి ప్రయోగశాలలో మూడు వారాల పరిశోధనకు ఉద్దేశ లేఖ ఎలా రాయాలి

విదేశంలోని భాగస్వామి ల్యాబ్‌కు కొద్ది వారాలు వెళ్లి పని చేసుకుని రావాలనుకునే స్కాలర్లు నన్ను తరచుగా అడిగేది ఒక్కటే: “లెటర్ ఆఫ్ ఇంటెంట్‌కు నమూనా ఏదైనా ఉంటే పంపుతారా?” నమూనా పంపడం తేలికే గానీ, దాన్ని చూసి రాసిన లేఖలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి, అవతలివారికి కావలసిన సంగతి మాత్రం వాటిలో కనిపించదు. అందువల్ల ఖాళీలు నింపుకునే నమూనాకు బదులు, లేఖలోని లక్ష్యాలు, కాలపట్టిక ఎక్కడినుంచి పుట్టాలో ఒక ఉదాహరణతో వివరిస్తాను.

ఉదాహరణ నేను అల్లినది. అందులోని లెక్కలు మాత్రం ల్యాబ్‌లో నిజంగా వేసుకునేవే. నల్లగొండ ప్రాంతపు బోరుబావుల నీటిలో ఫ్లోరైడ్ మీద పని చేస్తున్న ఒక స్కాలర్, నీటిలోని ఆక్సిజన్-18, డ్యుటీరియం నిష్పత్తులను కొలవడానికి జర్మనీలోని భాగస్వామి ల్యాబ్‌కు మూడు వారాలు వెళ్లదలచారు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీరు ముందుగా పొలాల్లోనో చెరువుల్లోనో ఆవిరై చిక్కబడి భూమిలోకి దిగిందా, లేక ఆవిరి కాకుండా దిగి గ్రానైట్ రాతినుంచే ఫ్లోరైడ్‌ను తీసుకుందా అన్నది వారి ప్రశ్న. ఆవిరైన నీటిలో బరువైన ఐసోటోపులు మిగిలిపోతాయి కాబట్టి, ఆ నీటి బిందువులు గ్రాఫులో వాన నీటి రేఖనుంచి పక్కకు జరుగుతాయి.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- నమూనాల జాబితా: ఎన్ని సీసాలు, ఎప్పుడు సేకరించారు, ఒక్కొక్కదానిలో ఎంత నీరు ఉంది, విద్యుత్ వాహకత ఎంత.
- భాగస్వామ్యానికి ఆధారం: ఎంఓయూ గానీ, ఉమ్మడి ప్రాజెక్టు మంజూరు పత్రం గానీ, ఇద్దరు గైడుల మధ్య నడిచిన మెయిళ్లు గానీ.
- పాస్‌పోర్టు. పేరు ఎలా అచ్చయిందో చూసుకోవడానికి ఇప్పుడే తీసి పెట్టుకోండి.
- ఖర్చులు ఎవరు భరిస్తారన్న విషయంలో మీ గైడు ఇచ్చిన స్పష్టమైన మాట, వీలైతే రాతపూర్వకంగా.
- ఆతిథ్య ల్యాబ్ ఉన్న రాష్ట్రపు సెలవుల పట్టిక. జర్మనీలో కొన్ని సెలవులు రాష్ట్రాన్నిబట్టి మారుతాయి.

1. లేఖకు ముందు ఒక చిన్న మెయిలు పంపండి

ఉద్దేశ లేఖ తొలి పరిచయం కాదు. నోటిమాటగా కుదిరినదాన్ని కాగితం మీద పెట్టేది. కాబట్టి ముందుగా మీ గైడు ద్వారా, లేదా వారిని కాపీలో ఉంచి మీరే, ఆతిథ్య ల్యాబ్‌ను మూడు సంగతులు అడగండి: మీరు కోరుకునే వారాల్లో పరికరం ఖాళీగా ఉంటుందా, దాన్ని నడిపే మనిషి ఆ వారాల్లో ఊళ్లో ఉంటారా, ల్యాబ్ వాడకానికి రుసుము ఉందా. రెండో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. యంత్రం ఖాళీగా ఉండి, దాన్ని నడిపే టెక్నీషియన్ సెలవులో ఉంటే మీరు వెళ్లి చేసేది ఏమీ ఉండదు. జర్మనీలో ఆగస్టులోను, క్రిస్మస్‌నుంచి కొత్త సంవత్సరం దాకాను ఇదే పరిస్థితి ఎదురు కావచ్చు.

ఈ మెయిలు అయిదారు వాక్యాలకు మించకూడదు. జవాబు వచ్చాకే లేఖ మొదలుపెట్టండి.

2. లక్ష్యాన్ని లెక్కపెట్టగలిగేలా రాయండి

నా మొదటి లేఖలో “అత్యాధునిక పరికరాలపై అనుభవం సంపాదించడం, అంతర్జాతీయ పరిశోధన వాతావరణాన్ని తెలుసుకోవడం” అని రెండు లక్ష్యాలు రాసి, అవి చక్కగా ఉన్నాయని మురిసిపోయాను. పదకొండు రోజుల తరువాత వచ్చిన జవాబులో మూడే ప్రశ్నలున్నాయి: సీసాలు ఎన్ని, నీటిలో ఉప్పు ఎంత, ఏ వారం వస్తారు. నేను రాసిన రెండు పేజీలలో ఆ మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేదు.

ల్యాబ్ అధిపతి మీ లేఖలో వెదికేది, మీరు వెళ్లిపోయే రోజుకు ఏమి పూర్తయి ఉంటుందన్నది. మన ఉదాహరణలో లక్ష్యాలను ఇలా రాయవచ్చు (అసలు లేఖ ఇంగ్లీషులో ఉంటుంది, విషయక్రమం మాత్రం ఇదే):

> “ఈ సందర్శనలో నేను చేయదలచినవి రెండు. ఒకటి, 30 బావులనుంచి వర్షాలకు ముందు, తరువాత సేకరించిన మొత్తం 60 నీటి నమూనాలలో ఆక్సిజన్-18, డ్యుటీరియం నిష్పత్తులను మీ లేజర్ విశ్లేషణ పరికరంతో కొలవడం. రెండు, ప్రమాణ ద్రావణాల ఆధారంగా ఆ కొలతలను సరిదిద్దే మీ పద్ధతిని నేర్చుకుని, లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న బావుల నీటిలో ఆవిరైన జాడ ఉందో లేదో తేల్చే గ్రాఫును మీ సమక్షంలో పూర్తి చేయడం. 60 నమూనాలలో 30 ఇప్పటికే నా దగ్గర ఉన్నాయి. మిగిలిన 30 నవంబరులో సేకరించవలసి ఉంది.”

చివరి వాక్యాన్ని రాయడానికి చాలామంది జంకుతారు. చేతిలో లేని నమూనాలను ఉన్నట్టు రాస్తే, నవంబరులో రెండు బోర్లు ఎండిపోయి సీసాలు తగ్గినప్పుడు సంజాయిషీ ఇచ్చుకోవలసింది మీరే. ఉన్నవి, రావలసినవి వేరు చేసి రాస్తే అవతలివారు కూడా ఆ మేరకు సర్దుకుంటారు.

రెండుకు మించి లక్ష్యాలు పెట్టకండి. మూడు వారాల్లో నాలుగు లక్ష్యాలు సాధిస్తామన్న లేఖ చూడగానే, రాసినవారు ఆ యంత్రాన్ని ఎన్నడూ నడపలేదని అనుభవం ఉన్నవారికి అర్థమైపోతుంది. “వీలైతే ట్రైటియం కూడా” వంటి తోకలను తీసేయండి. ట్రైటియంకు వేరే యంత్రం, వేరే విధానం, ఎక్కువ నీరు కావాలి.

3. యంత్రం ఎన్ని గంటలు కావాలో లెక్క కట్టండి

కాలపట్టికకు పునాది ఇదే. ముందు టికెట్టు దొరికిన తేదీలు చూసుకుని, తరువాత వాటి మధ్య పని సర్దేవారు ఎక్కువ. దీన్ని తిరగేయాలి.

నీటి ఐసోటోపుల లేజర్ పరికరాలలో వాడుకలో ఉన్న ఒక పద్ధతి ప్రకారం ఒక్కో సీసానుంచి ఆరు ఇంజెక్షన్లు ఇస్తారు, ఒక్కొక్కటి సుమారు 9 నిమిషాలు పడుతుంది. ముందు సీసాలోని నీటి ప్రభావం యంత్రంలో కొంత మిగిలి ఉంటుంది కాబట్టి, మొదటి మూడు ఇంజెక్షన్ల ఫలితాలను వదిలేసి చివరి మూడింటి సగటు తీసుకుంటారు. అంటే ఒక సీసాకు 54 నిమిషాలు.

ఇప్పుడు సీసాలు లెక్కపెట్టండి. నమూనాలు 60. పదింటికి ఒకటి చొప్పున రెండోసారి కొలిచేవి 6. మొత్తం 66. ప్రతి మూడు సీసాలకు ఒక ప్రమాణ ద్రావణం చొప్పున 22. అన్నీ కలిపి 88 సీసాలు, 528 ఇంజెక్షన్లు, 79 గంటలపైచిలుకు. తప్పిపోయినవి మళ్లీ నడపడానికి మరో 18 సీసాలు వేసుకుంటే 16 గంటలు. మొత్తం 95 గంటలు, అంటే రాత్రీపగలూ నడిస్తే నాలుగు రోజులు.

ఈ సంఖ్యలను అలాగే ఎత్తిరాయకండి. మీరు వెళ్లే ల్యాబ్‌లో ఎన్ని ఇంజెక్షన్లు ఇస్తారో, ప్రమాణాలను ఏ నిష్పత్తిలో పెడతారో మొదటి మెయిలుకు జవాబు వచ్చినప్పుడే అడిగి, వారి అంకెలతో లెక్క వేయండి. వారి పద్ధతినే లెక్కలోకి తీసుకున్నారని చూసినప్పుడు వారికి మీ మీద కలిగే నమ్మకం, ఎన్ని పొగడ్తలు రాసినా కలగదు.

*హెచ్చరిక:* విద్యుత్ వాహకతను లేఖలో తప్పక రాయండి; నీటిలో ఉప్పు ఎంత ఉందో దాన్నిబట్టే తెలుస్తుంది. ఉప్పు ఎక్కువగా ఉన్న నీరు ఆవిరి గదిలోను, సూదిలోను పేరుకుని యంత్రాన్ని పాడు చేస్తుంది. ల్యాబ్‌వారికి ఉండే మొదటి భయం అదే. నమూనాలను 0.45 మైక్రాన్ ఫిల్టరుతో వడకట్టారా, సీసాలను గాలి బుడగ లేకుండా నింపి మూత బిగించారా అన్నది కూడా ఒక వాక్యంలో చెప్పండి. మూత వదులైన సీసాలో నీరు దారిలోనే ఆవిరైతే మీరు కొలిచేది నల్లగొండ ఎండను కాదు, మీ సీసా నాణ్యతను.

4. లెక్కను వారాల మీద పరచండి

నాలుగు రోజుల యంత్రం పనికి మూడు వారాలు ఎందుకని అవతలివారు అడగవచ్చు. అడగకముందే కాలపట్టిక జవాబు చెప్పాలి. 2027 జనవరి 11 సోమవారం మొదలై జనవరి 29 శుక్రవారం ముగిసే సందర్శనను ఇలా పరచవచ్చు:

> జనవరి 11–15: భద్రతా శిక్షణ, ల్యాబ్ ప్రవేశ అనుమతి. నమూనాలను చిన్న సీసాలలో నింపడం. టెక్నీషియన్ పర్యవేక్షణలో 6 నమూనాలతో పరీక్ష పరుగు. ఫలితాలు చూసి ముందుకు వెళ్లాలో లేదో నిర్ణయం.
> జనవరి 18–22: మిగిలిన 54 నమూనాలు, ప్రమాణాలు, రెండోసారి కొలిచేవి. పరికరం సుమారు 75 గంటలు అవసరం. పగలు ముందు రోజు ఫలితాల పరిశీలన.
> జనవరి 25–29: తప్పిపోయిన నమూనాల మళ్లీ కొలత (16 గంటలకు మించకుండా). కొలతల సవరణ, గ్రాఫు. జనవరి 28న ల్యాబ్ బృందం ముందు ఫలితాల వివరణ. 29న మిగిలిన నీటి పారవేత, బల్ల అప్పగింత.

ఇందులో మూడు విషయాలు గమనించండి. మొదటి వారంలో పరీక్ష పరుగు తప్ప మరే కొలతలూ లేవు. కొత్తగా వచ్చినవారికి తాళం, కంప్యూటర్ ఖాతా, భద్రతా శిక్షణ అయ్యేసరికి రెండు మూడు రోజులు గడిచిపోతాయి. సోమవారం దిగి మంగళవారం యంత్రం ఎక్కుతానన్న కాలపట్టిక అక్కడ ఎవరినీ ఒప్పించదు. రెండోది, మూడో వారం సగానికిపైగా ఖాళీ. యంత్రంలోని రబ్బరు సెప్టం కొన్ని వందల ఇంజెక్షన్లకు అరిగి గాలి లాగడం మొదలుపెడుతుంది, సూది అర్ధరాత్రి ఇరుక్కుపోతుంది. పొద్దున వచ్చి చూస్తే పన్నెండు సీసాల ఫలితాలు పనికిరానివై ఉంటాయి. 528 ఇంజెక్షన్ల పనిలో ఇలాంటి రాత్రి ఒకటైనా ఉంటుందని అనుకునే పట్టిక వేయాలి. మూడోది, పరీక్ష పరుగు తరువాత ఒక నిర్ణయం ఉంది. ఆ ఆరు ఫలితాలు సరిగా రాకపోతే ఏమి చేస్తారో మరొక్క వాక్యంలో చెప్పండి: “అలా జరిగితే, వర్షాలకు ముందు సేకరించిన 30 నమూనాలను మాత్రమే పూర్తి చేస్తాను.”

జనవరి ఎంచుకోవడంలో సంక్రాంతికి ఇంట్లో ఉండలేకపోవడం ఒక్కటే నష్టం. వేసవి హాయిగా ఉంటుందని మే నెల వైపు చూసేవారు అక్కడి సెలవులు లెక్కపెట్టుకోవాలి. 2027లో మే 6 గురువారం, మే 17 సోమవారం జర్మనీ అంతటా సెలవులు. గురువారం సెలవు వచ్చినప్పుడు శుక్రవారం కూడా కలుపుకునే అలవాటు అక్కడా ఉంది.

*ప్రత్యామ్నాయం:* ఖచ్చితమైన తేదీలు ఇంకా కుదరకపోతే, “జనవరి 11తో గానీ ఫిబ్రవరి 8తో గానీ మొదలయ్యే మూడు వరుస వారాలు” అని రెండు సోమవారాలు ఇవ్వండి. “2027 మొదటి అర్ధభాగంలో మీ వీలునుబట్టి” అని మాత్రం రాయకండి. అది వినయంగా కనిపించినా, తేదీ వెదికే పనిని వారి నెత్తిన పెట్టడమే అవుతుంది.

5. ఎవరు ఏమి భరిస్తారో ఒక్క పేరాలో చెప్పండి

ప్రయాణం, బస, బీమా ఎవరివి. ప్రమాణ ద్రావణాలు, చిన్న సీసాలు ఎవరివి. ల్యాబ్ రుసుము ఉంటే ఏ నిధులనుంచి చెల్లిస్తారు. డబ్బు సంగతి రాయడం మొరటుగా ఉంటుందని మనవాళ్లు మొహమాటపడతారు గానీ, అక్కడ రాయకపోవడమే ఇబ్బంది కలిగిస్తుంది. ఫెలోషిప్ ఇంకా మంజూరు కాకపోతే “దరఖాస్తు చేశాను, ఫలితం అక్టోబరులో తెలుస్తుంది, రాకపోతే సందర్శన వాయిదా పడుతుంది” అని ఉన్నదున్నట్టు రాయండి.

ఫలితాలు ఎవరివి, పేపరు రాస్తే ఎవరి పేర్లు ఉంటాయన్నది ఉమ్మడి ప్రాజెక్టులో ముందే తేలి ఉంటే, ఆ ఒప్పందం ప్రకారమేనని ఒక ముక్క చాలు. తేలకపోతే లేఖలో మీరే తేల్చకండి. ఇద్దరు గైడులూ మాట్లాడుకోవలసిన విషయం అది.

నమూనాలు ఎలా చేరతాయో కూడా ఇక్కడే చెప్పాలి. సీసాకు 30 మిల్లీలీటర్ల చొప్పున 60 సీసాలంటే నీరు రెండు లీటర్లలోపే. కొరియరులో పంపేటట్లయితే క్రిస్మస్ సెలవుల్లో చేరకుండా చూసుకోండి. తీసుకునేవారు లేక జనవరి చలిలో బయట గోడౌన్‌లో పడి ఉంటే, నిండుగా ఉన్న గాజు సీసాలు గడ్డకట్టి పగులుతాయి.

6. రూపం, పేరు, సంతకాలు

లేఖ ఒక పేజీ, కాలపట్టికతో కలిపి ఎక్కువలో ఎక్కువ పేజీన్నర. వరుస ఇది: మీరెవరు, ఏ భాగస్వామ్యం కింద రాస్తున్నారు (రెండు వాక్యాలు), లక్ష్యాలు, నమూనాలు, పరికరం గంటలు, కాలపట్టిక, ఖర్చులు, వారినుంచి మీరు కోరేది. చివరిదాన్ని విడమరచి రాయండి: ఫలానా తేదీల మధ్య ఇంత సమయం పరికరం, కూర్చోవడానికి ఒక బల్ల, వీసా కోసం ఆహ్వాన పత్రం.

పేరు విషయంలో మనవాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. డిగ్రీ పత్రాల్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విస్తరించి ఉంటుంది. లేఖలో అలవాటుగా పొడి అక్షరంతో సంతకం చేస్తే ఆహ్వాన పత్రమూ అలాగే వస్తుంది, వీసా దరఖాస్తులో పేరు మాత్రం వేరుగా ఉంటుంది. లేఖ అడుగున పాస్‌పోర్టులో ఉన్నట్టే, అదే వరుసలో పేరు రాయండి. ఇంటిపేరు ఏదో, పెట్టిన పేరు ఏదో వారికి తెలియదు కాబట్టి అదీ సూచించండి.

సంతకాలు రెండు: మీది, మీ గైడుది. విభాగాధిపతి సంతకం మీ విశ్వవిద్యాలయం సెలవు మంజూరుకు అడుగుతుంది తప్ప ఆతిథ్య ల్యాబ్‌కు సాధారణంగా అక్కరలేదు. దానికోసం లేఖను బల్ల మీంచి బల్ల మీదికి మూడు వారాలు తిప్పకండి. ముందు రెండు సంతకాలతో పంపి, సెలవు దరఖాస్తుకు దాని ప్రతిని జతచేయండి.

7. ఎప్పుడు పంపాలి, పంపాక ఏమి చేయాలి

వెళ్లే తేదీకి నాలుగు నెలల ముందు పంపండి. స్వల్పకాలిక షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. అపాయింట్‌మెంట్ దొరకడమే అసలు ఆలస్యం. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు కాబట్టి మూడు వారాలకు ఇబ్బంది లేదు, కానీ అదే ఏడాది సదస్సుకో మరోపనికో వెళ్లి ఉంటే ఆ రోజులనూ కలుపుకోండి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్క వాక్యంతో గుర్తు చేయండి. మళ్లీ మొత్తం లేఖ జతచేసి పంపకండి. రెండు లేఖల్లో తేదీ ఒకటి మారి ఉంటే ఏది చివరిదో వారికి అర్థం కాదు. తేదీలు మారవలసి వస్తే పాత లేఖను రద్దు చేస్తున్నట్టు చెప్పి, కొత్త తేదీతో కొత్త లేఖ ఇవ్వండి.

లేఖ సరిగా వచ్చిందో లేదో చూసుకునే పద్ధతి

మీ అంశంతో సంబంధం లేని మరో ల్యాబ్ స్నేహితునికి లేఖ ఇచ్చి, రెండు నిమిషాల తరువాత వెనక్కి తీసుకోండి. ఎన్ని నమూనాలు, ఏ యంత్రం, ఎన్ని గంటలు, ఏ రోజు వెళ్లిపోతారు, డబ్బు ఎవరిది అని అడగండి. ఒక్కదానికి తడబడినా ఆ వాక్యం లేఖలో కింద ఎక్కడో పూడుకుపోయిందని అర్థం; పైకి తీసుకురండి.

తరువాత అంకెలు కలపండి. లక్ష్యాల్లో 60 నమూనాలున్నప్పుడు కాలపట్టికలో 6, 54 కలిసి 60 అవ్వాలి; యంత్రం గంటల పేరాలో చెప్పిన 95 గంటలు పట్టికలోని వారాల్లో ఇమడాలి. మన పట్టికలో పరీక్ష పరుగుకు సుమారు 5 గంటలు, రెండో వారానికి 75, మళ్లీ కొలతకు 16 కలిపితే మొత్తం 96. గంట తేడా గుండ్రం చేయడం వల్ల వచ్చింది కనుక పరవాలేదు. ఇరవై గంటల తేడా వస్తే లేఖ చదివేవారు పెన్సిలుతో దాని పక్కన ప్రశ్నార్థకం పెడతారు.

చివరిగా తేదీలు. లేఖ, సెలవు దరఖాస్తు, ఆహ్వాన పత్రం, బీమా, టికెట్టు అయిదింటినీ పక్కపక్కన పరిచి చూడండి. పని జనవరి 11నుంచి 29 వరకు అయినా, మీరు దానికి ముందు శనివారం దిగి, పని ముగిసిన మర్నాడు శనివారం బయలుదేరితే బీమా, వీసా కోరే తేదీలు 9నుంచి 30 వరకు ఉండాలి. ఆహ్వాన పత్రం వచ్చినవెంటనే పేరును అక్షరం అక్షరం పాస్‌పోర్టుతో పోల్చి చూసి, తప్పుంటే ఆ రోజే రాయండి; వీసా కౌంటరు ముందు నిలబడ్డాక దాన్ని మార్పించుకునే వీలుండదు.